పార్సిల్ ఆగింది: ఎదురుచూడాలా, కదలాలా?

డాలస్‌లోని కొడుకు విజయవాడలో ఉన్న తల్లికి కొరియర్‌లో బూట్లు పంపాడనుకుందాం. ట్రాకింగ్‌లో ఢిల్లీ చేరినట్టు కనిపించాక Clearance delay అని పడింది. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే కారణం తప్పక చదవాలి. అందుకునేవారి KYC రాలేదని అక్కడ ఉంటే, ఎదురుచూసినంతకాలం పెట్టె కదలదు.

ఆధార్ లాంటి గుర్తింపు పత్రం ఇస్తేనే కొరియర్ సంస్థ కస్టమ్స్‌కు కాగితాలు పెట్టగలదు. అక్కడా ఒక చిక్కుంది. కొడుకు పెట్టె మీద లక్ష్మి అని రాసి, ఆధార్‌లో వెంకట మహాలక్ష్మి అని ఉంటే మళ్లీ ఆగిపోవచ్చు. పేరు తేడా ఉందని కస్టమర్ కేర్‌కు అదే రోజు చెప్పడం మంచిది. ఆలస్యమైతే గోదాము అద్దె కూడా పడవచ్చు.

బహుమతి అని రాస్తే సుంకం తప్పుతుందని చాలామంది నమ్ముతారు. రాఖీలకు, ప్రాణరక్షక మందులకు తప్ప ఆ మినహాయింపును 2019 డిసెంబరులో తీసేశారు. అందుకే కొన్న బిల్లు దగ్గరుంచుకోవాలి, విలువ మీద అనుమానం వస్తే అడిగేది దాన్నే.

ఏ కారణమూ లేకుండా In transit అని ఒకే హబ్ దగ్గర ఉంటే సంగతి వేరు. సెలవులు పోను రెండు మూడు పనిదినాలు చూడండి. అప్పటికీ కొత్త స్కాన్ పడకపోతే, పంపినవారితో ఫిర్యాదు చేయించండి. కొరియర్‌తో ఒప్పందం వారిదే కాబట్టి వెతికించే హక్కూ వారిదే.

సుంకం కట్టమని లింకుతో మెసేజ్ వస్తే నొక్కకండి. కొరియర్ సైట్ మీరే తెరిచి, ట్రాకింగ్ నంబరు కొట్టి, బాకీ అక్కడ కనిపిస్తేనే కట్టండి.