ఎర్రటి ద్రావణంలో దొంగ వెలుగు

నీటిలో ఇనుమెంతుందో కొలిచే ప్రయోగం రికార్డుల్లో తరచూ ఒకే వాక్యం కనబడుతుంది: "గాఢత ఎక్కువైనప్పుడు బీర్ నియమం పనిచేయదు, అందుకే గ్రాఫు వంగింది." చాలాసార్లు ఇది నియమం మీద వేసే నింద. నియమం తన పని తాను చేస్తూనే ఉంటుంది. తప్పు జరిగేది వెలుగును లెక్కపెట్టే చోట.

బోరు నీళ్లలో కరిగిన ఇనుముకు రంగు దాదాపు ఉండదు. దాన్ని ఫెర్రస్ రూపంలోకి మార్చి 1,10-ఫినాంత్రొలిన్ కలిపితే నారింజ ఎరుపు తేలుతుంది. ఆ రంగు 510 నానోమీటర్ల దగ్గరి పచ్చ వెలుగును బాగా మింగుతుంది. ఎంత మింగిందో చెప్పే సంఖ్యే అబ్జార్బెన్స్. ఇది లాగరిథమ్ లెక్క. అబ్జార్బెన్స్ 1 అంటే వెలుగులో పదోవంతు బయటికొచ్చిందని, 2 అంటే నూరోవంతు, 3 అంటే వెయ్యోవంతు వచ్చిందని అర్థం. ఈ ఇనుము రంగుకు ఒక సౌకర్యం ఉంది: సెంటీమీటరు మందం ఉన్న క్యూవెట్‌లో లీటరుకు 1 మిల్లీగ్రాము ఇనుము దాదాపు 0.2 చూపుతుంది. కాబట్టి 5 మిల్లీగ్రాములకు 1, 10కి 2, 15కి 3 రావాలి.

రావు. ఎందుకో చూడటానికి ఒక పరికరాన్ని ఊహించుకుందాం. దాని డిటెక్టర్ మీద పడే వెలుగులో నూటికి ఒక వంతు, మనం ఎంచుకున్న 510 కాని వెలుగు. గ్రేటింగ్ మీది గీతలు, ధూళి, లోపలి గోడల మెరుపు దాన్ని అటు తోస్తాయి. సాంకేతికంగా దీన్ని స్ట్రే లైట్ అంటారు. నాకు మాత్రం దొంగ వెలుగు అనడమే నచ్చుతుంది. మన ఎర్రటి ద్రావణం పచ్చను మింగుతుంది గానీ ఎరుపును హాయిగా పోనిస్తుంది. టంగ్‌స్టన్ దీపంలో ఎరుపు పుష్కలం, సిలికాన్ డిటెక్టర్‌కు ఎరుపంటే చూపు ఎక్కువ. అంటే దొంగకు దారంతా తలుపులు తీసే ఉన్నాయి.

ద్రావణం పలుచగా ఉన్నప్పుడు ఈ ఒక్క వంతు ఎవరికీ పట్టదు. 1 మిల్లీగ్రాము ఇనుము దగ్గర అసలు వెలుగు 63 వంతులు వస్తుంటే, తోడుగా మరొకటి వచ్చినా 0.2 బదులు 0.1975 కనబడుతుంది, అంతే. 5 మిల్లీగ్రాముల దగ్గర 1 బదులు 0.963. ఇప్పుడు 10 మిల్లీగ్రాములు పెట్టండి. ద్రావణం దాటి వచ్చే అసలు వెలుగే ఒక వంతు, దొంగది ఇంకో వంతు. డిటెక్టర్ రెండింటినీ కలిపి లెక్కేసి 2 బదులు 1.70 చెబుతుంది. 15 మిల్లీగ్రాముల దగ్గర అసలు వెలుగు వంతులో పదోవంతుకు పడిపోతుంది. చేరేదంతా దాదాపు దొంగ వెలుగే. అందుకే 3 రావలసిన చోట 1.96 వస్తుంది. అక్కడి నుంచి ఇనుము రెట్టింపు చేసి 30 మిల్లీగ్రాములు పోసినా సూచిక 2.00 దాటదు. ఈ పరికరానికి అదే పైకప్పు. మామూలు గీత మీద చదివితే 15 మిల్లీగ్రాముల నమూనా దాదాపు 10గా రిపోర్టుకెక్కుతుంది.

మరి పాఠ్యపుస్తకాల్లో చెప్పే గాఢత పరిమితి సంగతేమిటి? అణువులు మరీ దగ్గరైతే ఒకదాని ప్రభావం ఒకదాని మీద పడి వెలుగును మింగే తీరు మారుతుంది. ఇది నిజమే. దాన్ని సాధారణంగా 0.01 మోలార్ దాటాక పట్టించుకుంటారు. లీటరుకు 15 మిల్లీగ్రాముల ఇనుమంటే దాదాపు 0.00027 మోలార్. ఆ గీతకు ముప్పై ఏడు రెట్లు ఇవతల ఉన్నాం. ఆ కారణాన్ని ఇక్కడికి ఈడ్చుకురావడం కుదరదు.

కుదిరే కారణం ఇంకొకటుంది, అది సీసాలోనే ఉంటుంది. ఒక్కో ఇనుము అయాన్‌కు మూడు ఫినాంత్రొలిన్ అణువులు కావాలి. వంద మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 0.1 శాతం ఫినాంత్రొలిన్ పది మిల్లీలీటర్లు పోస్తే, అది లీటరుకు 9.4 మిల్లీగ్రాముల ఇనుము వరకే సరిపోతుంది. తర్వాత పోసిన ఇనుముకు రంగు కట్టడానికి ఏమీ మిగలదు. అప్పుడు కూడా గ్రాఫు పడుకుంటుంది. దొంగ వెలుగు వల్ల మెల్లగా వంగే గీత, కారకం అయిపోతే ఒకచోట మోకాలిలా విరుగుతుంది. కానీ ఐదారు చుక్కలే ఉన్న గ్రాఫులో వంపునూ విరుపునూ కంటితో వేరు చేయడం కష్టం.

వేరు చేసే పరీక్ష సులువు. రంగు పూర్తిగా తేలిన 15 మిల్లీగ్రాముల ద్రావణాన్ని ఒక పాలు తీసుకుని నాలుగు పాళ్లు నీళ్లు కలపండి. దొంగ వెలుగే కారణమైతే ఇప్పుడది 3 మిల్లీగ్రాముల ద్రావణంలా, 0.59 దగ్గర చదువుతుంది. ఐదుతో గుణిస్తే పోయిన ఇనుము తిరిగొస్తుంది. కారకం చాలకపోతే 0.37 దగ్గరే ఆగుతుంది. ఎందుకంటే పలుచన చేసేది తయారైన రంగును మాత్రమే, తయారు కాని రంగు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఇక్కడ కలిపేది కారకం ఉన్న బ్లాంక్ కాకూడదు. అందులోని ఫినాంత్రొలిన్ మిగిలిన ఇనుముకు రంగు కట్టేసి, దొరకవలసిన తప్పును కప్పేస్తుంది.

కొందరు ఇంకో పొరపాటు చేస్తారు. క్యూవెట్ స్థానంలో నల్లటి అడ్డు పెట్టి, సూచిక పైకి వెళ్లింది కాబట్టి దొంగ వెలుగు లేదని తేలుస్తారు. నల్లటి అడ్డు ఎరుపునూ ఆపుతుంది. తెలిసేది డిటెక్టర్ చీకటిలో ఏం చెబుతుందన్నదే. కావలసింది పచ్చను పూర్తిగా ఆపి మిగతా రంగులను పోనిచ్చే ద్రావణం. మన చేతిలో ఉన్న ఇనుము ద్రావణమే, కారకం సమృద్ధిగా పోసి మరీ చిక్కగా చేస్తే, ఆ పని చేస్తుంది. సూచిక ఎక్కడ ఆగితే అదే ఆ పరికరం పైకప్పు.

నాకు ఎక్కువ భయం కలిగించేది మాత్రం వంపు కాదు, దాన్ని దాచే స్కేలు. 0, 1, 5, 10, 15 మిల్లీగ్రాముల చుక్కలన్నిటి మీదుగా కంప్యూటర్‌తో ఒకే సరళరేఖ గీయించండి. పైన చెప్పిన అంకెలకే R² 0.957 వస్తుంది. "0.95 దాటింది, చాలు" అని రికార్డు మూసేసేవారున్నారు. ఆ రేఖ నిలువు అక్షాన్ని 0.12 దగ్గర తాకుతుంది. అంటే ఇనుమే లేని బ్లాంక్‌కు రంగు ఉందని చెబుతోంది! దాని మీద చదివితే 1 మిల్లీగ్రాము నమూనా 0.55గా, 5 మిల్లీగ్రాములది 6.2గా వస్తుంది. పైన వంగిన తప్పు కిందికి దిగి, బాగా కొలవగలిగిన చోటును కూడా పాడు చేసింది. తమాషా ఏమిటంటే 2 మిల్లీగ్రాముల దగ్గర మాత్రం లెక్క సరిగ్గా కుదురుతుంది. తనిఖీకి ఎవరైనా ఆ నమూనానే ఎంచుకుంటే గ్రాఫుకు మంచి మార్కులు పడతాయి.

కాబట్టి ఈ రికార్డులో 10, 15 చుక్కలను రేఖ నుంచి తీసేయాలి. తీసేసినట్టు, ఎందుకు తీసేశామో కూడా రాయాలి. 0 నుంచి 5 వరకు మధ్యలో 2, 3, 4 మిల్లీగ్రాముల ప్రామాణిక ద్రావణాలు చేర్చి రేఖ గీయాలి. అబ్జార్బెన్స్ 1 దాటిన నమూనాను మళ్లీ మొదటి నుంచి పలుచన చేసి, అప్పుడు రంగు కట్టించి, ఆ పలుచన రెట్టును ఫలితం పక్కనే చూపించాలి. ఆ 15 మిల్లీగ్రాముల నీళ్లను ఐదు రెట్లు పలుచన చేస్తే రేఖ మీద 3 దగ్గర పడతాయి.