బకాయిల వసూలు: డిమాండు నోటీసులోని అంశాలు, దానిని పంపవలసిన సమయం

9.1 ప్రస్తావన

అరువు మీద సరుకు అమ్మిన సంస్థకు గడువు దాటినా డబ్బు రాకపోతే, ముందు ఫోను చేస్తుంది, తరువాత గుమాస్తాను పంపుతుంది, ఆపైన ఉత్తరం రాస్తుంది. ఇవేవీ పనిచేయనప్పుడు పంపేదే డిమాండు నోటీసు. పలానా తేదీన, పలానా లావాదేవీ కింద, ఇంత మొత్తం రావలసి ఉందనీ, ఇన్ని రోజులలో చెల్లించకపోతే చట్టపరమైన చర్య తీసుకుంటామనీ లిఖితపూర్వకంగా తెలియజేయడమే దీని పని. సాధారణ వ్యాపార బకాయికి ఈ నోటీసును న్యాయవాదే పంపాలన్న నియమం లేదు. సంస్థ యజమాని తన లెటర్‌హెడ్ మీద సంతకం చేసి పంపినా చెల్లుతుంది.

నోటీసు నమూనాలు ఎక్కడైనా దొరుకుతాయి. కష్టమైనది వాటిని నింపడం కాదు, ఎప్పుడు పంపాలో నిర్ణయించుకోవడం. కొందరు కోపంలో తొందరపడి, లెక్క తేలకముందే పంపుతారు. ఎక్కువమంది మొహమాటంతో ఆలస్యం చేస్తారు. ఈ రెండింటి నష్టం ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణ ద్వారా చూద్దాం.

9.2 ఉదాహరణ

గుంటూరులో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న యూనిట్ ఉంది. అది ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ముందే నమోదైంది. హైదరాబాదులో పిండివంటలు తయారుచేసి అమ్మే ఒక వ్యాపారికి 30 రోజుల అరువు మీద మూడు దఫాలుగా పెట్టెలు సరఫరా చేసింది. 2023 జూన్ 12న రూ. 96,000, ఆగస్టు 4న రూ. 1,18,000, సెప్టెంబరు 20న రూ. 84,000 విలువగల సరుకు వెళ్ళింది. మొత్తం రూ. 2,98,000. రెండో దఫాలో కొన్ని పెట్టెలు తడిసి వచ్చాయని కొనుగోలుదారు వారం రోజులలోనే ఫొటోలు పంపాడు. నవంబరు 10న బ్యాంకు బదిలీ ద్వారా రూ. 50,000 పంపాడు. ఆ తరువాత 'పండుగ వెళ్ళాక ఇస్తాను' అన్నాడు, సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది, ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు.

యూనిట్ యజమాని డిసెంబరులోనే రూ. 2,48,000కు నోటీసు పంపాలనుకున్నాడు. పంపి ఉంటే ఏమయ్యేది? తడిసిన పెట్టెల లెక్క తేలలేదు కాబట్టి, అవతలివాడు ఆ ఒక్క ఫిర్యాదును పట్టుకొని మొత్తం బకాయి వివాదంలో ఉందని జవాబు రాసేవాడు. ఫిర్యాదు నిజమైనది, సకాలంలో వచ్చినది కూడా. అందువల్ల యజమాని ముందు చేయవలసిన పని నోటీసు రాయడం కాదు, ఆ పెట్టెల విలువ రూ. 6,000కు క్రెడిట్ నోటు ఇచ్చి, ఖాతా నకలును కొనుగోలుదారుకు పంపి సరిచూసుకోమని అడగడం. అప్పుడు రావలసినది రూ. 2,42,000 అవుతుంది. మొదటి బిల్లులో రూ. 50,000 జమచేయగా మిగిలిన రూ. 46,000, రెండో బిల్లులో క్రెడిట్ నోటు పోగా రూ. 1,12,000, మూడో బిల్లు పూర్తిగా రూ. 84,000.

చెల్లింపు ఏ బిల్లుకో కొనుగోలుదారు చెప్పనప్పుడు, చట్టబద్ధంగా రావలసిన ఏ బాకీకైనా దానిని జమకట్టుకునే హక్కు భారత కాంట్రాక్టు చట్టం ఋణదాతకు ఇచ్చింది. పాత బిల్లుకు జమకట్టుకోవడం సాధారణంగా మేలు. ఎందుకో కాలపరిమితి దగ్గర తెలుస్తుంది.

9.3 పంపవలసిన సమయాన్ని నిర్ణయించడం

మొదట చూడవలసింది అవతలి వ్యక్తి చెప్పే కారణం ఎలా మారుతోందన్నది. 'వచ్చే 10వ తేదీకి రూ. 40,000 వేస్తాను' అని చెప్పి, ఆలస్యంగానైనా కొంత వేసేవాడు ఇబ్బందిలో ఉన్న ఖాతాదారు. అతనికి నోటీసు పంపితే వచ్చే వాయిదాలు కూడా ఆగిపోవచ్చు. అతని విషయంలో కొత్త అరువు ఆపి, వాయిదాల ఒప్పందాన్ని సంతకంతో రాయించుకోవడం మంచిది. తేదీ చెప్పడం మానేసి 'చూద్దాం' అనేవాడు, ఫోను ఎత్తనివాడు, లేదా ఆరు నెలల తరువాత అకస్మాత్తుగా 'సరుకు నాణ్యత బాగాలేదు' అనేవాడు వేరే రకం. ఇతరులు కూడా అతని దుకాణం చుట్టూ తిరుగుతున్నారని బజారులో తెలిస్తే ఇక వేచి ఉండకూడదు.

రెండోది రుజువులు. ఇన్వాయిస్‌లు, సరుకు అందినట్లు సంతకం ఉన్న డెలివరీ చలానాలు, కొనుగోలు ఆర్డరు, ఖాతా నకలు చేతిలో ఉండాలి. అనుభవంలో ఎక్కువగా దొరకనిది చలానా మీది సంతకమే. లారీ డ్రైవరు దగ్గరే ఉండిపోయిన ఆ కాగితం కోసం నోటీసు పంపిన తరువాత వెతకడం కంటే ముందే వెతకడం నయం.

మూడోది, అన్నిటికంటే ఎక్కువగా పొరపాటు జరిగేది, కాలపరిమితి. కాలపరిమితి చట్టం, 1963 ప్రకారం అరువు గడువు నిర్ణయించి అమ్మిన సరుకు ధర కోసం దావా వేయడానికి ఆ గడువు ముగిసిన నాటి నుంచి మూడేళ్ళ వ్యవధి ఉంటుంది. మన ఉదాహరణలో మొదటి బిల్లు గడువు 2023 జూలై 12న ముగిసింది. అంటే 2026 జూలై 12 దాటితే ఆ బిల్లు మీద దావాకు కాలదోషం పడుతుంది. ప్రతి బిల్లుకూ లెక్క విడివిడిగా నడుస్తుంది. పాత బిల్లు ముందు తీరడం మేలని చెప్పింది ఇందుకే.

నోటీసు పంపితే మూడేళ్ళు మళ్ళీ మొదటి నుంచి లెక్కకు వస్తాయని చాలామంది నమ్ముతారు. అది తప్పు. ఋణదాత ఎన్ని నోటీసులు పంపినా గడియారం ఆగదు. అది తిరిగి మొదలు కావాలంటే కదలిక అవతలి వైపు నుంచి రావాలి. గడువు లోపల ఋణగ్రహీత బాకీని ఒప్పుకుంటూ రాసి సంతకం చేస్తే, ఆ సంతకం నాటి నుంచి కొత్తగా మూడేళ్ళు లభిస్తాయి. గడువు లోపల కొంత చెల్లించినప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. కానీ ఆ చెల్లింపును అతను చేతిరాతతో గానీ సంతకంతో గానీ ధ్రువపరచి ఉండాలి. సంతకం చేసిన చెక్కు ద్వారా చెల్లింపు జరిగి ఉంటే యజమాని స్థితి బలంగా ఉండేది. బ్యాంకు బదిలీ మీద ఆధారపడకుండా అసలు తేదీ నుంచే లెక్క వేసుకోవడం క్షేమం. నోటీసుకు 'కొంత వ్యవధి ఇవ్వండి, చెల్లిస్తాను' అని సంతకంతో జవాబు వస్తే, డబ్బు రాకపోయినా ఆ కాగితం విలువైనదే.

ఈ లెక్కల ప్రకారం యజమాని 2024 ఫిబ్రవరిలో నోటీసు పంపడం సరైన నిర్ణయం. లెక్క తేలింది, వాగ్దానాలు ఆగిపోయాయి, కాలపరిమితికి ఇంకా రెండేళ్ళకు పైగా ఉంది. నోటీసు గడువు ముగిశాక తరువాతి అడుగు వేయడానికి సిద్ధంగా లేకపోతే మాత్రం పంపకూడదు. మొదటి నోటీసు తరువాత ఏమీ జరగకపోతే రెండోదాన్ని ఎవరూ చదవరు.

9.4 నోటీసులో ఉండవలసినవి

ముందు పేరు. దుకాణం బోర్డు మీద ఉన్న పేరు వ్యాపార నామం మాత్రమే కావచ్చు. ఏకవ్యక్తి వ్యాపారమైతే యజమాని పేరు, భాగస్వామ్యమైతే సంస్థతో పాటు భాగస్వాముల పేర్లు, కంపెనీ అయితే నమోదిత కార్యాలయం చిరునామా ఉండాలి. జీఎస్‌టీ నంబరు ఆధారంగా నమోదైన పేరును సులభంగా సరిచూసుకోవచ్చు. తరువాత లావాదేవీ వివరం, లెక్క, డిమాండు వస్తాయి. మన యజమాని నోటీసులోని ముఖ్యభాగం ఇలా ఉండవచ్చు:

'12-6-2023, 4-8-2023, 20-9-2023 తేదీల ఇన్వాయిస్‌ల కింద మీకు రూ. 2,98,000 విలువగల అట్టపెట్టెలు సరఫరా చేశాము. 10-11-2023న మీరు చెల్లించిన రూ. 50,000ను మొదటి ఇన్వాయిస్‌కు జమకట్టాము. తడిసిన పెట్టెల నిమిత్తం రెండో ఇన్వాయిస్‌లో రూ. 6,000కు క్రెడిట్ నోటు ఇచ్చాము. మిగిలిన రూ. 2,42,000ను, దానిపై చట్టప్రకారం రావలసిన వడ్డీతో సహా, ఈ నోటీసు అందిన 15 రోజులలోపు చెల్లించవలసిందిగా కోరుతున్నాము. చెల్లించని పక్షంలో బకాయి, వడ్డీ, ఖర్చుల వసూలుకు చట్టపరమైన చర్య తీసుకుంటాము.'

తీసివేసిన మొత్తాలను కూడా చూపడం ఇందులో గమనించదగినది. తనకు అనుకూలమైన అంకెలనే రాసిన నోటీసు కోర్టులో బలహీనపడుతుంది. సాధారణ బకాయికి 15 రోజుల గడువు ఆనవాయితీ మాత్రమే, చట్టం విధించినది కాదు.

వడ్డీ గురించి కొంచెం ఆగాలి. బిల్లు అడుగున సంస్థ తనంతట తాను అచ్చువేసుకున్న రేటును కొనుగోలుదారు ఒప్పుకున్నాడని చూపలేకపోతే వాదనకు తావుంటుంది. చెల్లింపు తేదీని, వడ్డీని నిర్ణయించే రాతపూర్వక ఒప్పందం లేనిచోట, వడ్డీ కోరుతున్నట్లు నోటీసులో రాస్తే ఆ నోటీసులో చెప్పిన తేదీ నుంచి వడ్డీ ఇప్పించే అధికారం వడ్డీ చట్టం, 1978 కింద కోర్టుకు ఉంది. రాయకపోతే ఆ అవకాశం పోవచ్చు. మన యజమానికి ఇంతకంటే బలమైన ఆధారం ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలు తయారుచేసి సరఫరా చేసిన సరుకుకు కొనుగోలుదారు ఒప్పుకున్న తేదీ లోపల, ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు మించకుండా చెల్లించాలని ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈడీ చట్టం, 2006 చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల రేటున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఈ మొత్తం కోసం రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు. సరుకు అందిన 15 రోజులలోపు లిఖితపూర్వక అభ్యంతరం రాకపోతే దానిని అంగీకరించినట్లే ఈ చట్టం భావిస్తుంది. ఆరు నెలల తరువాత పుట్టే నాణ్యత ఫిర్యాదులకు ఇదే జవాబు.

కొన్ని విషయాలు నోటీసులో ఉండకూడదు. 'పోలీసులకు పట్టిస్తాం', 'బజారులో పరువు తీస్తాం' వంటి మాటలు పంపినవారికే ఎదురు తిరుగుతాయి. 'రూ. 2,00,000 ఇస్తే సరిపెట్టుకుంటాం' అన్న రాజీ మాట కూడా ఇందులో రాయకూడదు. ఆ క్షణం నుంచి అవతలివారి దృష్టిలో బకాయి రెండు లక్షలే అవుతుంది.

నోటీసును స్పీడ్ పోస్టులో, అందినట్లు రుజువు వచ్చే విధంగా పంపాలి. కవరు 'తీసుకోలేదు' అని తిరిగివస్తే తెరవకుండా అలాగే దాచాలి. సరైన చిరునామాకు పంపి ఉంటే అందినట్లే భావించే అవకాశం ఉంది.

9.5 చెక్కు అనాదరణ జరిగినప్పుడు

పైన చెప్పిన స్వేచ్ఛ ఒక సందర్భంలో ఉండదు. బకాయి కింద ఇచ్చిన చెక్కు నిధులు లేక తిరిగివస్తే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చర్య కోసం బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజులలోపు నోటీసు ఇవ్వాలి. అందులో చెక్కు మొత్తాన్నే కచ్చితంగా డిమాండు చేయాలి. పాత బకాయిలన్నీ కలిపి ఒకే అంకెగా రాస్తే నోటీసు చెల్లకుండా పోతుంది. అందుకే దీనిని విడిగా పంపడం మంచిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: చెక్కు తిరిగివచ్చినట్లు బ్యాంకు మార్చి 3న తెలిపింది. నోటీసు కొనుగోలుదారుకు ఏప్రిల్ 6న అందింది. ఫిర్యాదు ఎప్పటి నుంచి వేయవచ్చు? నోటీసు ఏ తేదీ లోపల పంపి ఉండాలి?

జవాబు: నోటీసు ఏప్రిల్ 2 లోపల పంపి ఉండాలి. అందిన నాటి నుంచి 15 రోజులు ఏప్రిల్ 21తో ముగుస్తాయి. అప్పటికీ చెల్లించకపోతే ఏప్రిల్ 22న ఫిర్యాదు హక్కు ఏర్పడుతుంది. అక్కడి నుంచి ఒక నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయాలి.