దాటే శక్తి ఉన్నా వెనుదిరిగే ఎలక్ట్రాన్

స్థితిశక్తి ఒకచోట ఉన్నట్టుండి మారిపోయే సరిహద్దును భౌతికశాస్త్రంలో పొటెన్షియల్ మెట్టు అంటారు. సరిహద్దుకు ఎడమవైపు స్థితిశక్తి సున్నా, కుడివైపు అంతటా V₀. ఆ V₀ విలువ 5 ఎలక్ట్రాన్ వోల్టులని, ఎడమ నుంచి 9 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో ఒక ఎలక్ట్రాన్ వస్తోందని అనుకుంటే, న్యూటన్ లెక్కలో సందేహానికి తావు లేదు. గతిశక్తి 9 నుంచి 4కు తగ్గుతుంది, వేగం మందగిస్తుంది, ఎలక్ట్రాన్ ముందుకు సాగిపోతుంది. క్వాంటం లెక్క అలా చెప్పదు. అటువంటి ఎలక్ట్రాన్లు వంద వస్తే సగటున నాలుగు వెనక్కి మళ్లుతాయి. వాటికి ఎదురుగా గోడ లేదు, శక్తి చాలకపోవడమూ లేదు.

ఆ నాలుగూ ఎందుకు మళ్లుతాయో తెలియాలంటే ఎలక్ట్రాన్‌ను తరంగంగా చూడాలి. శ్రోడింగర్ 1926లో ఇచ్చిన సమీకరణం ప్రకారం, స్థితిశక్తి మారని ప్రాంతంలో తరంగ ప్రమేయం ఒకే తరంగదైర్ఘ్యంతో సాగే అల. ఆ అల ఎంత దట్టంగా ఉందో చెప్పేది తరంగ సంఖ్య k. అది గతిశక్తి వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. ఎడమవైపు గతిశక్తి 9, కుడివైపు 4 కాబట్టి k₁, k₂ల నిష్పత్తి 3:2. ఈ ఉదాహరణకు 9, 5 ఎంచుకోవడంలో ఉన్న కిటుకు అదే, వర్గమూలాలు చక్కగా తెగుతాయి. ఎడమవైపు తరంగదైర్ఘ్యం సుమారు 0.41 నానోమీటర్లు. మెట్టు ఎక్కాక అదే అల సాగి 0.61 నానోమీటర్లవుతుంది.

ఎడమవైపు రెండు అలలకు అవకాశం ఉంది, వచ్చేది ఒకటి, తిరిగి వెళ్లేది ఒకటి. కుడివైపు ముందుకు పోయే అల ఒక్కటే ఉంటుంది. అక్కడ కూడా వెనక్కి వచ్చే అలను రాసేయడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు. కుడివైపు చివర నుంచి ఎలక్ట్రాన్లను పంపేవారు లేరు, దారిలో మరో మెట్టూ లేదు. కాబట్టి అక్కడ వెనక్కి వచ్చే అల పుట్టడానికి కారణమే లేదు.

ψ = e^(ik₁x) + r e^(−ik₁x), x < 0

ψ = t e^(ik₂x), x > 0

వచ్చే అల ఎత్తును 1గా తీసుకుంటే, తిరిగి వెళ్లే అల ఎత్తు r, దాటిన అల ఎత్తు t. ఈ రెండింటినీ తేల్చడానికి రెండు షరతులు కావాలి. అవి సరిహద్దు దగ్గరే దొరుకుతాయి.

తరంగ ప్రమేయం ఎంత వేగంగా వంపు తిరుగుతుందో శ్రోడింగర్ సమీకరణం చెబుతుంది. ఆ వంపు (V − E)ψ కు అనులోమంగా ఉంటుంది. మెట్టు దగ్గర V మారేది సున్నా నుంచి 5కు, అంటే ఎంత హఠాత్తుగా మారినా ఆ మార్పు పరిమితమే. అందువల్ల వంపు ఒక్కసారిగా మారవచ్చు గానీ అనంతం కాలేదు. వాలు ఒక్క బిందువు దగ్గర విరగాలంటే అక్కడ వంపు అనంతం కావాలి. కనుక వాలు విరగదు. వాలే విరగనప్పుడు ప్రమేయం తెగడం అసలే కుదరదు. సన్న తాడును లావు తాడుకు ముడివేసి ఊపినప్పుడు కూడా జరిగేది ఇదే. ముడి దగ్గర తాడు తెగి ఉండదు, మొన తేలి విరిగీ ఉండదు. ఈ నియమానికి హద్దులు లేకపోలేదు. గోడ ఎత్తు అనంతమైతే వాలు విరగవచ్చు. అర్ధవాహకాలు రెండు కలిసే చోట ఎలక్ట్రాన్ ప్రభావ ద్రవ్యరాశి కూడా మారుతుంది కాబట్టి, అక్కడ వాలుకు బదులు వాలును ద్రవ్యరాశితో భాగించిన విలువను కలపాలి. ఇక్కడి ఉదాహరణలో ద్రవ్యరాశి మారదు.

సరిహద్దు x = 0 దగ్గర రెండు వైపులా ప్రమేయం విలువలు, వాలులు సమానమని రాస్తే వచ్చేవి ఇవి:

1 + r = t

k₁(1 − r) = k₂t

లెక్క పూర్తి చేయకముందే ఈ రెండు వాక్యాల దగ్గర ఒక్క క్షణం ఆగడం మంచిది. వెనక్కి వచ్చే అలే లేదని, అంటే r = 0 అని పెట్టి చూస్తే, మొదటి సమీకరణం t = 1 అంటుంది. రెండోది k₁ = k₂ కావాలంటుంది. మెట్టు ఉన్నప్పుడు అది అసాధ్యం. ఎడమ అల నిటారుగా, కుడి అల వాలుగా ఉన్నాయి. ఎత్తు కలిపితే వాలు కలవదు, వాలు కలిపితే ఎత్తు కలవదు. మూడో అల ఒకటి వచ్చి చేరితేనే లెక్క కుదురుతుంది, దానికి మిగిలిన దారి వెనక్కి పోవడమొక్కటే. పరావర్తనానికి మూలమంతా ఈ ఇబ్బందిలోనే ఉంది. ఎలక్ట్రాన్‌ను తోసే బలం గురించి ఆలోచిస్తే ఇది కనిపించదు.

రెండు సమీకరణాలనూ సాధిస్తే:

r = (k₁ − k₂)/(k₁ + k₂)

t = 2k₁/(k₁ + k₂)

నిష్పత్తి 3:2 కాబట్టి r = 1/5, t = 6/5. పరావర్తన సంభావ్యత R అంటే r వర్గం, 0.04. వందకు నాలుగు అన్న లెక్క ఇక్కడిదే. ఒక్కో ఎలక్ట్రాన్ నాలుగు వంతులు ఇటు, తొంభై ఆరు వంతులు అటు చీలిపోతుందని దీని అర్థం కాదు. లెక్కించే పరికరం పెడితే ప్రతి ఎలక్ట్రాన్ పూర్తిగా ఇటో, పూర్తిగా అటో దొరుకుతుంది.

ఇక దాటిన అల ఎత్తు 1.2, వచ్చిన అల కంటే ఎక్కువ! దాని వర్గం 1.44. దీన్నే దాటే సంభావ్యతగా రాసేస్తే మొత్తం 1.48 అవుతుంది. వంద ఎలక్ట్రాన్లు పంపితే నూట నలభై ఎనిమిది లెక్కకు వచ్చినట్టు. పరీక్ష కాగితాల్లో ఈ తప్పు కొత్తది కాదు, మొత్తం ఒకటి రాకపోవడమే దాన్ని పట్టించే గుర్తు. ψ వర్గం చెప్పేది ఒక చోట ఎంత రద్దీ ఉందో మాత్రమే. ఎన్ని దాటాయో తెలియాలంటే రద్దీని వేగంతో గుణించాలి. టోల్ గేటు దగ్గర వాహనాలు నెమ్మదించినప్పుడు ఒకదానికొకటి దగ్గరగా చేరతాయి, అంతమాత్రాన నిమిషానికి దాటే వాహనాలు పెరగవు. కుడివైపు వేగం ఎడమవైపు వేగంలో మూడింట రెండు వంతులు. 1.44ను 2/3తో గుణిస్తే 0.96. దానికి 0.04 కలిపితే సరిగ్గా ఒకటి.

ఎడమవైపు మరో చిత్రం ఉంది. వచ్చే అల, వెళ్లే అల ఒకదానిపై ఒకటి పడి రద్దీ సమంగా లేకుండా ఎగుడుదిగుడు అవుతుంది. రెండూ కూడిన చోట 1.2 వర్గం 1.44, తీసివేత అయిన చోట 0.8 వర్గం 0.64. సరిహద్దు దగ్గర పడేది శిఖరమే. దానికి అవతల కుడివైపు రద్దీ కూడా 1.44 కనుక అతుకు కనిపించకుండా కలిసిపోతుంది.

నాలుగు శాతం అన్న సంఖ్య కిటికీ అద్దం ద్వారా అందరికీ పరిచయమే. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.5, అంటే గాలిలో, గాజులో కాంతి తరంగ సంఖ్యల నిష్పత్తి 2:3. తిన్నగా పడిన కాంతిలో ఒక్కో ముఖం వెనక్కి పంపేది దాదాపు నాలుగు శాతం. రాత్రి దీపం వెలిగించిన గదిలో కిటికీ అద్దంలో ముఖం మసకగా కనిపించడం దీనివల్లే. కాంతి వేరు, ఎలక్ట్రాన్ వేరు, కానీ అతుకు దగ్గర అలలు పాటించే షరతు ఒకే రూపంలో ఉంది.

ఎలక్ట్రాన్ శక్తి మెట్టు ఎత్తుకు దగ్గరయ్యే కొద్దీ పరావర్తనం విపరీతంగా పెరుగుతుంది. అదే 5 వోల్టుల మెట్టుకు 6 ఎలక్ట్రాన్ వోల్టులతో వస్తే దాదాపు 18 శాతం వెనుదిరుగుతాయి. 5.05తో వస్తే, దాటడానికి శక్తి ఉండి కూడా మూడింట రెండు వంతులు వెనక్కే. 25కు పెంచితే 0.3 శాతమే మిగులుతుంది. మరో విడ్డూరం, మెట్టు దిగే ఎలక్ట్రాన్ కూడా వెనుదిరుగుతుంది. సూత్రంలో k₁, k₂ల చోట్లు మారితే r గుర్తు మారుతుంది గానీ R మారదు. 4 నుంచి 9కి దిగేటప్పుడూ నాలుగు శాతమే. అంచు దాకా దొర్లిన గోళీ లోయలోకి పడకుండా వెనక్కి రావడం లాంటిది ఇది.

మరి నిజం గోళీ ఎందుకు అలా చేయదు? ప్లాంక్ స్థిరాంకం ఉన్నచోటే క్వాంటం వింతలుంటాయని, దాన్ని సున్నా వైపు తగ్గిస్తే న్యూటన్ ఫలితం రావాలని సాధారణంగా చెబుతారు. కానీ R సూత్రంలో ప్లాంక్ స్థిరాంకం మిగలదు, నిష్పత్తిలో కొట్టివేత అయిపోతుంది. ద్రవ్యరాశీ మిగలదు. సూత్రాన్ని అలాగే నమ్మితే గోళీలు కూడా వందకు నాలుగు వెనక్కి రావాలి. లోపం సూత్రంలో లేదు, మెట్టును ఒక్క బిందువు దగ్గరే నిలబెట్టడంలో ఉంది. నిజమైన ఏ మెట్టుకైనా కొంత వెడల్పు ఉంటుంది, దాన్ని పోల్చాల్సింది తరంగదైర్ఘ్యంతో. తరంగదైర్ఘ్యం పెద్దదైతే అలకు ఆ వాలు నిలువు మెట్టులాగే తోస్తుంది. చిన్నదైతే అల క్రమంగా సర్దుకుంటూ ఎక్కిపోతుంది, వెనక్కి పంపాల్సిన అవసరం రాదు.

దీన్ని కచ్చితంగా లెక్కించగల ఒక నునుపు మెట్టు ఉంది: V = V₀/(1 + e^(−x/a)). ఇందులో a మెట్టు వెడల్పుకు కొలమానం. దానికి పరావర్తనం:

R = [sinh(πa(k₁ − k₂)) / sinh(πa(k₁ + k₂))]²

ఇక్కడ a ను సున్నా చేస్తే పాత సూత్రమే తిరిగి వస్తుంది. 9, 5 ఉదాహరణలో a ను 0.05 నానోమీటర్లు చేస్తే నాలుగు శాతం కాస్తా 0.1 శాతానికి పడిపోతుంది. 0.1 నానోమీటర్లు చేస్తే పది లక్షల ఎలక్ట్రాన్లలో రెండు మూడు మాత్రమే వెనుదిరుగుతాయి. అణువు పరిమాణం కూడా సుమారు 0.1 నానోమీటర్ల స్థాయిదే కనుక, ఇంత శక్తి గల ఎలక్ట్రాన్‌కు పదును మెట్టు లెక్కను యథాతథంగా వాడితే అతిగా వస్తుంది. గోళీ తరంగదైర్ఘ్యం ఊహకందనంత చిన్నది, దానికి పదునైన మెట్టు ప్రపంచంలో దొరకదు.

పదును మెట్టు సూత్రం దాదాపు అక్షరాలా పనిచేసే చోటు నెమ్మది న్యూట్రాన్లది. అద్దాలపై న్యూట్రాన్ల పరావర్తనాన్ని ఫెర్మీ, జిన్ 1946లో ప్రచురించారు. నికెల్ లోహం న్యూట్రాన్‌కు సుమారు 250 నానో ఎలక్ట్రాన్ వోల్టుల మెట్టులా కనిపిస్తుంది. ఉపరితలానికి లంబంగా ఉండే వేగమే లెక్కలోకి వస్తుంది. అది సెకనుకు 7 మీటర్ల కంటే తక్కువైతే న్యూట్రాన్లు దాదాపు అన్నీ వెనక్కి. అంతకు రెట్టింపైతే శక్తి మెట్టుకు నాలుగింతలు, సూత్రం ప్రకారం R సుమారు 0.5 శాతం. సెకనుకు 700 మీటర్ల వేగంతో వచ్చే న్యూట్రాన్ పుంజాన్ని ఉపరితలానికి 1.15 డిగ్రీల ఏటవాలుతో పడనిస్తే సరిగ్గా ఆ 14 మీటర్ల లంబ వేగం వస్తుంది. దానికి సంబంధించిన తరంగదైర్ఘ్యం 28 నానోమీటర్లు. అంతటి అలకు బాగా మెరుగుపెట్టిన నికెల్ ఉపరితలం నిలువు మెట్టే. కోణాన్ని ఇంకా పెంచితే అల పొట్టిదవుతుంది, ఉపరితలంలోని గరుకుదనం బయటపడుతుంది, కొలిచిన పరావర్తనం సూత్రం చెప్పిన దానికంటే తగ్గుతుంది. ఆ తరుగు ఎంతో చూసి పలుచని పొరల గరుకుదనాన్ని, రెండు పొరలు ఎంత మేర కలిసిపోయాయో లెక్కగడతారు.