మీకు తెలుసా? గేటు తెరిస్తే కరెంటు ముందు తగ్గుతుంది!

జలవిద్యుత్ కేంద్రంలో టర్బైన్ గేటును కాస్త ఎక్కువ తెరిస్తే, ఉత్పత్తి పెరగడానికి ముందు ఒక్క క్షణం తగ్గుతుంది. పెన్‌స్టాక్ గొట్టంలోని బరువైన నీరు వెంటనే వేగం పుంజుకోలేదు. దారి వెడల్పయినా ప్రవాహం పాత వేగంతోనే ఉంటుంది కాబట్టి టర్బైన్ దగ్గర పీడనం పడిపోతుంది. నిలిచి ఉన్న నీరు పూర్తి ప్రవాహ వేగం అందుకోవడానికి పట్టే సమయాన్ని వాటర్ స్టార్టింగ్ టైమ్ అంటారు. అది 2 సెకన్లు అనుకుంటే, టర్బైన్ సమీకరణం ఇలా ఉంటుంది:

(1 − 2s)/(1 + s)

పై భాగంలోని ఆ మైనస్ గుర్తు, రూట్ లోకస్ గీసేవాళ్లను తేలిగ్గా తప్పుదారి పట్టిస్తుంది.

గెయిన్ పెంచుతూ పోతే క్లోజ్డ్ లూప్ పోల్స్ ఎటు కదులుతాయో చూపే గీతే రూట్ లోకస్. 1948లో వాల్టర్ ఎవాన్స్ ఈ పద్ధతిని ప్రకటించారు. నిజ అక్షం మీద ఒక బిందువుకు కుడివైపున ఉన్న పోల్స్, జీరోల మొత్తం బేసి సంఖ్య అయితే ఆ బిందువు గీత మీద ఉంటుందన్నది అందరూ నేర్చుకునే సూత్రం. అయితే అది నెగటివ్ ఫీడ్‌బ్యాక్‌కు, పాజిటివ్ గెయిన్‌కు మాత్రమే పనికొస్తుంది. ఈ రెండింటిలో ఒక్కటే తిరగబడితే సూత్రమూ తిరగబడుతుంది. అప్పుడు కుడివైపు లెక్క సరిసంఖ్య కావాలి, సున్నా కూడా సరిసంఖ్యే. అలా వచ్చే గీతను కాంప్లిమెంటరీ రూట్ లోకస్ అంటారు.

ఇప్పుడు మన టర్బైన్‌కు, గ్రిడ్‌తో సంబంధం లేకుండా ఒంటరిగా ఒక ఊరికి కరెంటిచ్చే జనరేటర్‌ను జోడిద్దాం. దాని సమీకరణం 1/(8s). గవర్నర్ గెయిన్ K. ఫీడ్‌బ్యాక్ నెగటివే, K కూడా పాజిటివే. కానీ లూప్‌ను రూట్ లోకస్‌కు కావలసిన రూపంలోకి మారిస్తే:

K(1 − 2s)/(8s(s + 1)) = −(K/4)·(s − 0.5)/(s(s + 1))

మైనస్ బయటికి వచ్చింది కదా! పోల్స్ 0, −1 దగ్గర, జీరో +0.5 దగ్గర ఉన్నాయి. ఆ మైనస్‌ను పట్టించుకోకుండా మామూలు సూత్రం వాడితే 0 నుంచి 0.5 వరకు గీత పడుతుంది. అంటే ఏ కొద్ది గెయిన్ ఇచ్చినా వ్యవస్థ అదుపు తప్పుతుందన్నమాట. సరిసంఖ్య సూత్రంతో గీస్తే మాత్రం 0కి, −1కి మధ్య గీత వస్తుంది. రెండు పోల్స్ ఎదురెదురుగా వచ్చి −0.37 దగ్గర కలుస్తాయి. అక్కడ విడిపోయి, జీరో చుట్టూ వృత్తంలా తిరిగి కుడివైపుకు దాటుతాయి.

ఏది నిజమో తేల్చడానికి ఒక్క విలువ వేసి చూస్తే చాలు. K = 1 అయితే సమీకరణం 8s² + 6s + 1 = 0. మూలాలు −0.25, −0.5. రెండూ ఎడమవైపే ఉన్నాయి, వ్యవస్థ నిలకడగా ఉంది. మ్యాట్‌ల్యాబ్‌లో అసలు లూప్‌ను ఉన్నదున్నట్టు ఇస్తే చిక్కు లేదు. మైనస్‌ను బయటికి తీశాక మిగిలిన రూపాన్ని P అనుకుంటే `rlocus(P)` కాకుండా `rlocus(-P)` అని ఇవ్వాలి.

ఈ గీత ఒక హద్దును కూడా చూపిస్తుంది. K = 4 దగ్గర పోల్స్ నిలువు అక్షాన్ని దాటుతాయి. అక్కడ వేగం సుమారు 9 సెకన్లకోసారి పెరుగుతూ తగ్గుతూ ఊగుతూనే ఉంటుంది. గవర్నర్‌కు 5 శాతం డ్రూప్ కావాలంటే గెయిన్ 20 ఉండాలి, హద్దు చూస్తే 4. అందుకే జల టర్బైన్ గవర్నర్లలో తాత్కాలిక డ్రూప్ అనే ఏర్పాటు ఉంటుంది. మార్పు వచ్చిన తొలి క్షణాల్లో అది గెయిన్‌ను తగ్గించి ఉంచుతుంది, నీరు వేగం అందుకున్నాక మెల్లగా పూర్తి గెయిన్‌కు వదులుతుంది.

ఇలాంటి మైనస్ ఇంకా కొన్నిచోట్ల ఎదురవుతుంది. విమానంలో ఎలివేటర్ వెనక అంచు కిందికి వంగితే పాజిటివ్ అని లెక్క, కానీ అలా వంగితే ముక్కు కిందికి దిగుతుంది, అంటే పిచ్ నెగటివ్. వోల్టేజి పెంచే బూస్ట్ కన్వర్టర్‌లోనూ కుడివైపు జీరో ఉంటుంది. ఇవన్నీ గుర్తు సరిచూసుకుంటే అదుపులో ఉండే లూప్‌లే.

మోటారు పొజిషన్ సర్వోలో సెన్సర్ తీగలు తారుమారైతే మాత్రం అది అసలైన పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. K/(s(s + 2)) లూప్‌లో K = 3 అయితే పోల్స్ −3, +1 అవుతాయి. తప్పు సుమారు ప్రతి 0.7 సెకనుకూ రెట్టింపవుతూ పోతుంది. గెయిన్ ఎంత తగ్గించినా ఒక పోల్ కుడివైపే ఉంటుంది కనుక, అక్కడ చేయవలసింది ట్యూనింగ్ కాదు, తీగలు మార్చడం.