రివ్యూ కోసం నిలిచిపోయే కోడ్

సాఫ్ట్‌వేర్ టీముల్లో ఒకరు రాసిన కోడ్‌ను అసలు ప్రోగ్రామ్‌లో కలిపే ముందు మరొకరు చూడాలి. ఆ అభ్యర్థనే పుల్ రిక్వెస్ట్. రాయడానికి అరపూట పట్టిన పని, చూసేవాళ్లు లేక రెండ్రోజులు ఆగడం మామూలే. చాలా బోర్డుల్లో మాత్రం ఆ కార్డు ‘పని జరుగుతోంది’ అనే గడిలోనే కనిపిస్తుంది. నిజానికి ఏమీ జరగడం లేదు.

అందుకే ‘రివ్యూ కోసం ఎదురుచూపు’ అని వేరే గడి పెట్టాలి. ‘రివ్యూ నడుస్తోంది’ అన్నదానితో దీన్ని కలపకూడదు. కలిపితే ఆలస్యం మళ్లీ దాక్కుంటుంది.

లెక్క సులువే. గడిలో సగటున ఆరు కార్డులుండి, రోజుకు మూడు బయటపడుతుంటే ఒక్కోటి సుమారు రెండ్రోజులు ఆగుతుంది. గడికి మూడే కార్డులని పరిమితి పెట్టండి. అది నిండితే ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు, ముందు ఒక రివ్యూ చేస్తారు. బయటపడే వేగం తగ్గకపోతే ఎదురుచూపు ఒక్కరోజుకు దిగుతుంది.

గడి ఎప్పుడూ నిండుగానే ఉంటే కార్డులు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడండి. తరచూ అన్నీ ఒక సీనియర్ దగ్గరే ఇరుక్కుంటాయి. అప్పుడు ఆ భాగం కోడ్ ఇంకొకరికి నేర్పించాల్సిందే. మార్పులు చిన్నవిగా పంపడమూ ముఖ్యం. వెయ్యి లైన్లది ఎవరైనా రేపటికి వాయిదా వేస్తారు. గూగుల్ తన ఇంజినీర్లకిచ్చిన మార్గదర్శకాల్లో మొదటి స్పందనకు గరిష్ఠ గడువు ఒక పనిదినం.

ఒక్క జాగ్రత్త: పెద్ద మార్పులు వ్యాఖ్య లేకుండా నిమిషాల్లో ఆమోదం పొందుతుంటే, తగ్గింది ఎదురుచూపు కాదు, రివ్యూ.