కట్టిన అద్దెకు నోటీసు వస్తే

లాయరు నోటీసులన్నీ దాదాపు ఒకే మాటతో మొదలవుతాయి: ‘నా క్లయింటు చెప్పిన ప్రకారం మీకు తెలియజేయునది ఏమనగా...’ కంగారులో ఉన్న అద్దెదారు కన్ను ఆ మాట మీద నిలవదు. నేరుగా కింద ఉన్న అంకె మీదికి పోతుంది. నిజానికి గమనించాల్సింది ఆ మొదటి మాటనే. ఆ కాగితం రాసిన లాయరు ఎవరి పాస్‌బుక్కూ తిరగేయలేదు, ఎవరి రసీదులూ అడగలేదు. ఇంటి ఓనరు చెప్పింది చెప్పినట్టు రాశాడు. అది కోర్టు తీర్పు కాదు, ఒక పక్షం వాదన మాత్రమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న ఉద్యోగి రెండు గదుల పోర్షన్‌లో మూడేళ్లుగా అద్దెకుంటున్నాడు. అద్దె నెలకు 14,000. ఏ నెల అద్దె ఆ తర్వాతి నెల 5వ తేదీలోగా ఇవ్వాలని ఒప్పందం. మొదట్లో రాసుకున్న పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, కొత్తది రాసుకోలేదు. జూన్ 12న నోటీసు వచ్చింది. అక్టోబరు నుంచి మే దాకా ఎనిమిది నెలల అద్దె 1,12,000 బాకీ ఉన్నాడు, అది కట్టి పదిహేను రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలి అని దాని సారాంశం. ఆయన మాత్రం ప్రతి నెలా కట్టాడు.

ఇలాంటప్పుడు చాలామంది మొదట చేసే పని ఓనరుకు ఫోన్ చేసి గొడవ పడటం. రెండో పని, ‘అబద్ధమే కదా, మనకేంటి’ అని ఊరుకోవడం. నోటీసుకు జవాబివ్వకపోతే శిక్ష వేసే చట్టమేదీ లేదు. కానీ రేపు దావా పడితే ‘అబద్ధమైతే అప్పుడే ఎందుకు చెప్పలేదు?’ అన్న ప్రశ్న తప్పదు. కోర్టు ఆ మౌనాన్ని అద్దెదారుకు వ్యతిరేకంగా అర్థం చేసుకునే వీలుంది. పైగా అద్దె కట్టానని రుజువు చేయాల్సిన భారం కట్టినవాడిదే. అందని డబ్బు అందలేదని ఓనరు ఎలా రుజువు చేస్తాడు?

రిప్లై రాసే ముందు చేయాల్సింది నిందకూ రికార్డుకూ జత కుదర్చడం. మన అద్దెదారు బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీశాడు: ఏ నెల అద్దె, ఏ తేదీన, ఎంత, యూటీఆర్ నంబరు ఎంత. యూటీఆర్ అంటే ప్రతి బదిలీకీ బ్యాంకు వేసే గుర్తింపు సంఖ్య. ఓనరు వైపు బ్యాంకు రికార్డులోనూ ఆ బదిలీని దాంతో పట్టుకోవచ్చు. ‘నేను పంపాను’ అన్న మాటకు లేని బలం ఆ సంఖ్యకు ఉండేది అందుకే. మొదటి గడి విడిగా ఎందుకంటే, అక్టోబరు అద్దె స్టేట్‌మెంటులో నవంబరు 4న కనిపిస్తుంది. ఆ తేడా చూసుకోకపోతే లెక్కంతా ఒక నెల పక్కకు జరుగుతుంది.

గళ్లు నింపేసరికి ఆయనకే కొన్ని సంగతులు బయటపడ్డాయి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు, ఏప్రిల్, మే అద్దెలు 14,000 చొప్పున సరిగ్గా వెళ్లాయి. జనవరిది 8,000 ఒకసారి, 6,000 ఒకసారి వెళ్లింది. ఫిబ్రవరికి 12,000 మాత్రమే పంపాడు. నీళ్ల మోటారు కాలిపోతే బాగు చేయించిన 2,000 అందులో మినహాయించుకున్నాడు. మార్చి అద్దె ఓనరు అడిగాడని చేతికిచ్చాడు, రసీదు తీసుకోలేదు. బ్యాంకు ద్వారా 96,000, నగదు 14,000, మోటారుకు 2,000. మొత్తం 1,12,000.

‘అద్దె అంతా ప్రతి నెలా బ్యాంకులోనే వేశాను’ అని కోపంలో ఒక్క వాక్యం రాసి పంపి ఉంటే ఏమయ్యేది? స్టేట్‌మెంటు తీయగానే మార్చి కనిపించదు, ఫిబ్రవరి తక్కువ కనిపిస్తుంది. నిజం చెప్పేవాడు అబద్ధాలకోరులా నిలబడేవాడు. రిప్లైలో రాసిన ప్రతి మాటా రేపు సాక్ష్యమే.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. డబ్బు వెళ్లింది ఓనరు ఖాతాకు కాదు, ఆయన భార్య ఖాతాకు. మన ఊళ్లలో ఇది మామూలే. పన్ను లెక్కలనో, ఇంకేదో కారణం చెప్పి ఇంట్లో మరొకరి నంబరు ఇస్తారు. ‘నాకు అద్దె అందలేదు’ అని నోటీసులో ధైర్యంగా రాయించడానికి ఆ సందే చాలు. ఓనరు చెప్పిన మనిషికి కడితే ఓనరుకు కట్టినట్టే, కాకపోతే ఆయన చెప్పినట్టు ఆధారం కావాలి. మన అద్దెదారు ఫోన్‌లో పాత వాట్సాప్ సందేశం దొరికింది: ‘ఇకనుంచి కిరాయి మా ఆవిడ నంబర్‌కు కొట్టండి.’ దాని తేదీతో సహా రిప్లైలో ఎత్తి రాయాలి. స్క్రీన్‌షాట్ తీసుకుని ఫోన్ మార్చేస్తే లాభం లేదు. ఆ సందేశం ఉన్న ఫోనే అసలు సాక్ష్యం. కేసు నడిస్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఒక సర్టిఫికెట్టు కూడా దాఖలు చేయాలి. 2024 జూలై 1కి ముందు పాత సాక్ష్య చట్టంలో దీన్నే 65బి సర్టిఫికెట్టు అనేవారు.

ఓనరు తర్వాతి ఎత్తు ఊహించడం కష్టం కాదు. ‘డబ్బు వచ్చిన మాట నిజమే, అది అద్దె కాదు, నా దగ్గర తీసుకున్న చేబదులు తీర్చాడు’ అంటాడు. దీనికి 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో జవాబుంది. అప్పు కట్టేవాడు ‘ఇది ఫలానా బాకీ కింద’ అని చెప్పి ఇస్తే, పుచ్చుకున్నవాడు ఆ బాకీకే జమ కట్టాలని 59వ సెక్షన్ చెబుతుంది. నోటితో చెప్పకపోయినా పరిస్థితులను బట్టి తెలిసిపోతే చాలు. అద్దె ఎంతో అంతే మొత్తం, ప్రతి నెలా గడువుకు ఒకరోజు ముందు వెళ్తోందంటే అంతకంటే తెలియజెప్పే పరిస్థితి ఏముంటుంది? అదే ఏ సూచనా లేకుండా ఇచ్చిన డబ్బయితే, నిజంగా ఉన్న వేరే బాకీకి జమ కట్టుకునే స్వేచ్ఛ 60వ సెక్షన్ ఓనరుకే ఇస్తుంది. ఫోన్‌లో డబ్బు పంపేటప్పుడు కింద కనిపించే ఆ చిన్న ఖాళీలో ‘మే అద్దె’ అని రెండు మాటలు కొట్టడానికి బద్ధకించేది మనమే.

నగదు ఇచ్చిన మార్చి సంగతి దాచకూడదు, పెంచి చెప్పకూడదు. ఏప్రిల్ 3న ఏటీఎం నుంచి 14,000 తీసినట్టు స్టేట్‌మెంటులో ఉంది. అదే సాయంత్రం ‘డబ్బులు ఇచ్చి వెళ్లాను సార్’ అన్న సందేశానికి ఓనరు బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఇది రసీదుకు సమానం కాదు. అయినా ఆ తర్వాత ఏప్రిల్, మే అద్దెలు మారుమాట లేకుండా పుచ్చుకున్నాడన్న సంగతి పక్కన చేరితే కొంత బరువు వస్తుంది. ఎనిమిది నెలల్లో నిజంగా తగవు పడదగ్గది ఈ ఒక్క నెలే. రిప్లై దాన్ని ఒక్క నెలకు కుదించగలిగితే అదే పెద్ద విజయం. మోటారు విషయంలో ఆస్తి బదిలీ చట్టం, 1882 అద్దెదారు పక్షానే ఉంది. ఓనరు చేయించాల్సిన మరమ్మతు చెప్పినా చేయించకపోతే, అద్దెదారు చేయించి ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చని 108వ సెక్షన్ చెబుతుంది. ముందుగా చెప్పిన రుజువూ, మెకానిక్ బిల్లూ ఉండాలి.

రిప్లైలో అసలు పేరా ఇలా ఉంటే సరిపోతుంది: ‘మీ నోటీసు 3వ పేరాలో అక్టోబరు నుంచి మే వరకు అద్దె చెల్లించలేదన్న ఆరోపణ పూర్తిగా అవాస్తవం. ఆ ఎనిమిది నెలల అద్దె ఈ జవాబుకు జతచేసిన పట్టికలో చూపిన తేదీలలో, చూపిన విధంగా చెల్లించడమైనది. మీ క్లయింటు సూచన మేరకే బ్యాంకు చెల్లింపులు ఆయన భార్య ఖాతాకు జరిగాయి.’ నోటీసులో ఎన్ని పేరాలుంటే అన్నిటికీ వరుసగా జవాబుండాలి. కోర్టులో వేసే రాతపూర్వక వాదనలో స్పష్టంగా కాదనని ఆరోపణను ఒప్పుకున్నట్టే లెక్కిస్తారు. రిప్లై నోటీసుకు ఆ నియమం నేరుగా వర్తించకపోయినా, లాయర్లు ఇక్కడి నుంచే ఆ జాగ్రత్త పాటిస్తారు. ‘గొడవెందుకు, ఎంతో కొంత ఇచ్చేస్తాను’ అన్న మర్యాద మాట మాత్రం ఇందులోకి రాకూడదు. అది బాకీ ఒప్పుకోలుగా చదవబడుతుంది.

ఇక చాలామంది పొరపడే చోటు. అద్దె కట్టినట్టు రుజువైతే ఇల్లు ఖాళీ చేయనక్కర్లేదనుకుంటారు. ఆ నోటీసులో రెండు వేర్వేరు కోరికలున్నాయి: బాకీ కట్టమన్నది ఒకటి, ఖాళీ చేయమన్నది ఇంకోటి. తెలంగాణలో అమల్లో ఉన్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కారణం లేకుండా ఖాళీ చేయించనివ్వదు. కానీ కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలకు అది వర్తించదు. 14,000 కడుతున్నవాడికి మిగిలేది 1882 చట్టమే. అగ్రిమెంటు గడువు ముగిసి నెలవారీగా సాగుతున్న అద్దెను, కారణం చెప్పకుండానే పదిహేను రోజుల నోటీసుతో ముగించే హక్కు 106వ సెక్షన్ ఓనరుకిస్తుంది. ఆ పదిహేను రోజులు నోటీసు అందిన రోజు నుంచి లెక్క. అందుకే కవరు పారేయకూడదు. ఆ గడువు దాటినా ఓనరు తనంతట తాను తాళం వేయడానికి లేదు, కోర్టుకే వెళ్లాలి. అయితే అద్దె కట్టలేదన్న ముద్ర చెరిగిపోతే ఆ దావాలో బాకీ డిక్రీ ఉండదు, అడ్వాన్సు మింగేయడానికి సాకూ ఉండదు.

జవాబు ఓనరు లాయరుకు, నకలు ఓనరుకు వెళ్లాలి. సొంతంగా రాసి పంపినా చెల్లుతుంది, లాయరే పంపాలన్న నియమం లేదు. కాకపోతే ఖాళీ చేయమన్న భాగానికి జవాబు లాయరుకు చూపించి రాయడం మేలు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి ఇప్పుడు వెళ్లాల్సిన కౌంటరు అదే. పోస్టాఫీసు ఇచ్చిన రసీదూ, అందినట్టు చూపే ట్రాకింగ్ ప్రింటూ రిప్లై నకలుతో పాటు దాచాలి. అద్దె బాకీకి దావా వేయడానికి మూడేళ్ల గడువుంటుంది, కాబట్టి ఆ ఫైలును అంతకాలమూ ఉంచాలి.

మన అద్దెదారు జూన్ 24న జవాబు పంపాడు. జూలై 4న జూన్ అద్దె కూడా పంపాడు. నోటీసు ఇచ్చాడన్న కోపంతో అద్దె ఆపి ఉంటే, లేని బాకీ ఆ నెలతో నిజమయ్యేది. ఈసారి ఫోన్‌లో పంపుతూ కింది ఖాళీలో ‘జూన్ నెల ఇంటి అద్దె’ అని కొట్టాడు. నిమిషం తర్వాత ఓనరు నంబరుకు యూటీఆర్‌తో సందేశం పెట్టాడు. ఓనరు నుంచి బొటనవేలి బొమ్మ రాలేదు, రెండు నీలం టిక్కులు మాత్రం పడ్డాయి. ఆయన దాన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాడు.