సీలింగుకు ఎన్ని బస్తాలు?

పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు ఉన్న పడకగది. శ్లాబు అడుగుభాగాన్ని పిఓపీతో, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నున్నగా చేయించాలి. 25 కిలోల బస్తాలు ఎన్ని కావాలని అడిగితే ఒక మేస్త్రి మూడు చాలంటాడు, ఇంకొకరు ఎనిమిది తెమ్మంటారు. ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు. గది కొలత ఇద్దరికీ ఒకటే, 168 చదరపు అడుగులు. తేడా అంతా వాళ్లు మనసులో అనుకున్న మందంలో ఉంది. ఆ మందాన్ని అంచనాకు వదిలేయకుండా కొలిస్తే బస్తాల లెక్క పది నిమిషాల పని.

ముందు ఒక్క సూత్రం పట్టుకోవాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు మందం పూస్తే సరిగ్గా ఒక లీటరు ముద్ద పడుతుంది. కిలో పిఓపీ పొడిలో 650 నుంచి 700 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే వచ్చే ముద్ద కూడా లీటరు కంటే కొద్దిగానే ఎక్కువ. కాబట్టి చదరపు మీటరుకు, మిల్లీమీటరు మందానికి, సుమారు ఒక కిలో పొడి అనుకోవచ్చు. మన వాడుకలోని అడుగుల్లోకి మార్చితే ఇది చదరపు అడుగుకు 90 గ్రాముల పైచిలుకు. వంద గ్రాములు అనుకుంటే నోటిలెక్క తేలిక, కొంత వృథా కూడా అందులోనే కలుస్తుంది. అంటే 25 కిలోల బస్తా మిల్లీమీటరు మందాన 250 చదరపు అడుగులకు వస్తుంది.

జిప్సమ్ ప్లాస్టర్ బస్తాల మీద ‘13 మిల్లీమీటర్ల మందానికి సుమారు 21 చదరపు అడుగులు’ వంటి మాట కనిపిస్తుంది. ఆ 21ని 13తో హెచ్చిస్తే 273. మన 250కి ఇది దగ్గరే. వృథాను పక్కన పెడితే లెక్క దాదాపు ఒకటే. బస్తా మీద రాసిన విస్తీర్ణాన్ని ఎప్పుడూ దాని పక్కనున్న మందంతో కలిపే చదవాలి. మందం చెప్పకుండా ‘బస్తాకు ఇన్ని అడుగులు’ అని చెప్పే అంకెతో ఏ లెక్కా సాగదు.

ఇక అసలు పని మందం కొలవడం. సెంటరింగు పలకలు ఎక్కడో కొంచెం కుంగుతాయి, రెండు పలకల అతుకు దగ్గర మెట్టులా దిగుతుంది. అందుకే కింద నిలబడి చూస్తే సమంగా కనిపించే శ్లాబు నిజానికి సమంగా ఉండదు. మట్టంగొట్టంతో గాని, లేజర్ లెవల్‌తో గాని నాలుగు గోడల మీదా ఒకే మట్టానికి గుర్తులు పెట్టి, వాటి మధ్య దారం బిగించాలి. శ్లాబు అన్నిటికన్నా కిందికి దిగిన చోట కూడా దారానికీ దానికీ మధ్య కనీసం 4 మిల్లీమీటర్ల సందు ఉండేలా గుర్తుల్ని సరిచేసుకోవాలి. పూత పూర్తయ్యాక సీలింగు నిలిచేది ఆ దారం మట్టంలోనే.

తర్వాత సీలింగును మనసులో తొమ్మిది సమాన గడులుగా విడగొట్టి, ఒక్కో గడి నడిమధ్యన దారం నుంచి శ్లాబుకు ఉన్న దూరాన్ని స్కేలుతో చూడాలి. గోడ అంచుల్లోనే కొలిస్తే గది మధ్యలో ఉన్న లోతు లెక్కలోకి రాదు. మన గదిలో ఇలా వచ్చాయనుకుందాం: మొదటి వరుసలో 4, 6, 9; రెండో వరుసలో 5, 8, 11; మూడో వరుసలో 4, 7, 9. మొత్తం 63, సగటు 7 మిల్లీమీటర్లు.

168ని 7తో, ఆ వచ్చినదాన్ని 0.1 కిలోతో హెచ్చిస్తే దాదాపు 118 కిలోలు. కాగితం మీద ఐదు బస్తాలు సరిపోతాయి, ఏడు కిలోలు మిగులుతాయి కూడా. కానీ ఇది తల మీది పని. తాపీ నుంచి జారి నేల మీద పడిన ముద్ద తిరిగి పనికిరాదు. దానికోసం పదో వంతు కలిపితే 130 కిలోల చేరువకు వస్తుంది, అంటే ఆరు బస్తాలు. మూడు బస్తాలన్న మేస్త్రి అతి తక్కువ మందమైన 4 మిల్లీమీటర్లనూ, ఎనిమిదన్న మేస్త్రి అతి ఎక్కువైన 11నూ గదంతటికీ పరిచారన్నమాట. గదిలో దూలం ఉంటే దాని రెండు పక్కలనూ విడిగా కొలిచి కలపాలి. పన్నెండడుగుల పొడవున అడుగు కిందికి దిగిన దూలం ఒక్కటే 24 చదరపు అడుగులు పెంచుతుంది. ఫ్యాను కొక్కేనికీ, లైటు డబ్బాలకూ తగ్గించాల్సిన పని లేదు.

లెక్క సరిగ్గా వేసినా బస్తాలు చాలకపోతే కలిపే చోట చూడాలి. మామూలు పిఓపీ పది ఇరవై నిమిషాల్లోనే బిగుసుకుంటుంది. గమేళా నిండా కలిపితే సగం అందులోనే గట్టిపడుతుంది. అప్పుడు నీళ్లు పోసి మళ్లీ పిసికితే మెత్తబడినట్టు కనిపిస్తుంది కాని, ఆరాక గోటితో గీస్తే పొడి రాలుతుంది. అది పారబోయాల్సిన సరుకే. ఇద్దరు మనుషులు పది నిమిషాల్లో పూయగలిగినంతే కలపాలి. తేమ తగిలిన బస్తాను విప్పగానే ఉండలు చేతికి తగులుతాయి. దాన్ని జల్లించి వాడేకన్నా వెనక్కి పంపడమే మంచిది.

లప్పం సంగతి వేరు. తెల్ల సిమెంటుతో చేసిన లప్పం డబ్బాల మీదా సంచుల మీదా కిలోకు 20 చదరపు అడుగులు, రెండు పూతలకు, అని ఉండటం మామూలే. దీన్ని వెనక్కి లెక్కగడితే అసలు విషయం తెలుస్తుంది. కిలో పొడికి సుమారు 380 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే ముక్కాలు లీటరు ముద్దవుతుంది. దాన్ని 20 చదరపు అడుగుల్లో పరిస్తే రెండు పూతలూ కలిపి 0.4 మిల్లీమీటరే. అంత పలుచన పూత అద్దంలాంటి నునుపు మీదే సాధ్యం. మామూలు సిమెంటు పూత మీద రెండు పూతలకు ఒక మిల్లీమీటరు పడుతుందనుకుంటే కిలో ఎనిమిది అడుగులకే వస్తుంది. అదే 168 అడుగుల సీలింగుకు సంచి మీది మాట ప్రకారం తొమ్మిది కిలోలు లోపే చాలాలి, వాస్తవంలో 21 కిలోలు ఖర్చవుతాయి. 20 కిలోల సంచి ఒకటి తెచ్చుకున్నవాళ్లకు చివరి మూలలో కొరత పడేది ఇందుకే.

పిఓపీ మిగల్చాలని లోతైన గుంటల్ని లప్పంతోనే నింపడం మాత్రం వద్దు. లప్పం మొత్తం మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ఆరేటప్పుడు సన్నని వల చీలికలు వస్తాయి, తర్వాత పెచ్చులు లేస్తాయి. పిఓపీకీ హద్దుంది. 11 మిల్లీమీటర్ల చోట చదరపు మీటరుకు పదకొండు కిలోల పొడి పడితే, అది నీటిని తనలో కలుపుకొని బిగుసుకున్నాక ఎండిన బరువు పదమూడు కిలోలవుతుంది. ఆ బరువును పట్టి ఉంచేది శ్లాబుతో ఉన్న అతుకే. సెంటరింగు నూనె అంటుకున్న నున్నటి కాంక్రీటు మీద ఆ అతుకు కుదరదు. నూనె పోయేలా కడిగి, ఉలితో గాట్లు పెట్టడమో, అతుకు ద్రావణం పూయడమో చేశాకే పిఓపీ ఎక్కించాలి. పూత ఆరాక పిడికిలితో మెల్లగా తట్టి చూస్తే, పట్టిన చోట గట్టి చప్పుడు, వదిలిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. డొల్ల పలికిన ముక్కను రంగు వేయకముందే చెక్కేసి మళ్లీ పూయించాలి. దానికి కావలసిన పొడి ఆ ఆరో బస్తాలోంచి వస్తుంది.